రెండు ఖాతాలు, ఒక తేడా

విజయవాడలోని ఒక పైపుల డీలరు, ఊళ్లో దుకాణదారుడికి నెలాఖరున స్టేట్‌మెంట్ మెయిల్ చేశాడనుకుందాం. అందులో బాకీ రూ.4,82,000. దుకాణదారుడి పుస్తకంలో మాత్రం రూ.4,30,200. తేడా రూ.51,800.

ఇలాంటప్పుడు ఫోన్‌లో వాదించుకుంటే తెమలదు. రెండు లెడ్జర్లనూ పక్కపక్కన పెట్టి, సరిపోయిన పద్దుల్ని టిక్కు పెడుతూ పోతే మిగిలేవే తేడాకు కారణాలు. ఇక్కడ రెండు మిగిలాయి. ఒకటి, పగిలిన పైపులు వాపసు చేసిన పద్దు: సరుకు రూ.10,000, జీఎస్టీ 18 శాతం కలిపి రూ.11,800. దుకాణదారుడు తగ్గించుకున్నాడు, డీలరు ఇంకా క్రెడిట్ నోట్ ఇవ్వలేదు. రెండోది, రూ.40,000 నెఫ్ట్. డబ్బు డీలరు బ్యాంకులో పడింది కానీ, బిల్లు నంబరు లేక, పంపినవారి పేరు దుకాణం పేరుతో కలవక, సస్పెన్స్ ఖాతాలో ఉండిపోయింది.

అందుకే మెయిల్‌లో మొత్తం బాకీతో సరిపెట్టకూడదు. జతకాని చెల్లింపులను తేదీ, మొత్తం, యూటీఆర్ నంబరుతో విడిగా రాయాలి. ఎవరివో తేలని డబ్బును పాత బిల్లుకు సర్దేయడం నా దృష్టిలో పెద్ద తప్పు. ఆ నెలకు లెక్క కుదిరినట్టే ఉంటుంది, అసలు పంపినవారు అడిగిన రోజున మూడు ఖాతాలు చెడతాయి.

తేడా సరిగ్గా ఒక బిల్లు మొత్తమే అయితే, ఆ బిల్లు ఒకవైపు ఎక్కలేదేమో ముందు చూడండి. తొమ్మిదితో నిశ్శేషంగా భాగిస్తే అంకెలు తారుమారై ఉండొచ్చు.

స్టేట్‌మెంట్ అందుకున్నవారు మౌనంగా ఉండకండి. ఒప్పుకున్న మొత్తం, ఒప్పుకోని పద్దులు రాసి తిరుగు మెయిల్ పంపండి.