గడువు తీరిన సభ్యుణ్ని ఏం చేయాలి?

మిద్దె తోట పెంచేవాళ్లకు వీడియోలకు కొదవ లేదు. ఉచిత వాట్సాప్ గ్రూపులూ బోలెడు. అయినా నెలనెలా డబ్బు కట్టి టెలిగ్రామ్ గ్రూపులో చేరేవాళ్లు ఉన్నారంటే, కారణం అక్కడ దొరికే సమాచారం ఒక్కటే కాదు. పొద్దున ఫొటో పెడితే సాయంత్రంలోగా తెలిసినవాళ్లు జవాబు చెబుతారన్న నమ్మకానికే వాళ్లు డబ్బు కడుతున్నారు. ఆ నమ్మకాన్ని నిలబెట్టడం అడ్మిన్ పని. అందులో సగం మొక్కలకు సంబంధించింది, మిగతా సగం వసూళ్లకు సంబంధించింది.

లెక్క కోసం 120 మంది ఉన్న ఒక గ్రూపును తీసుకుందాం. రుసుము నెలకు 149 రూపాయలు. మొత్తం 17,880 వస్తుంది. పేమెంట్ గేట్‌వే 2 శాతం, దానిమీద 18 శాతం జీఎస్టీ తీసుకుంటే దాదాపు 422 రూపాయలు పోతాయి. సాయంగా ఉన్న ఇద్దరు మోడరేటర్లకు చెరో నాలుగు వేలు ఇస్తే, అడ్మిన్‌కు మిగిలేది 9,458. అదీ 120 మందీ కట్టినప్పుడే.

అందరూ ఒకే నెలలో కట్టరు. చిన్న గ్రూపుల్లో సభ్యులు యూపీఐలో డబ్బు పంపి స్క్రీన్‌షాట్ పెడతారు. స్క్రీన్‌షాట్‌ను మార్చడం చిటికెలో పని కాబట్టి, అందులోని 12 అంకెల లావాదేవీ నంబరును బ్యాంకు ఖాతాలో సరిచూసుకోక తప్పదు. ఇరవై మందికైతే ఇది సాగుతుంది, వందమందికి ప్రతి నెలా చేయడం గండమే. అందుకే గ్రూపు పెరిగాక చాలామంది యూపీఐ ఆటోపేకు మారతారు. సభ్యుడు మొదట ఒక్కసారి పిన్ కొట్టి అనుమతి ఇస్తే చాలు, ప్రతి నెలా రుసుము దానంతటదే కట్ అవుతుంది. కట్ కావడానికి 24 గంటల ముందు అతనికి సమాచారం వస్తుంది. వద్దనుకుంటే తన యాప్‌లోనే రద్దు చేసుకోవచ్చు. ఖాతాలో డబ్బు లేకపోతే మాత్రం వసూలు విఫలమవుతుంది.

అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. డబ్బు రాని మరుక్షణమే తీసేస్తే మంచి సభ్యుడు నొచ్చుకుంటాడు. ఊరుకుంటే కట్టినవాళ్లు అడుగుతారు. మూడు రోజుల వెసులుబాటు, విడిగా ఒక గుర్తుచేత, ఆ తర్వాత తొలగింపు అనే పద్ధతి న్యాయంగా ఉంటుంది. చేరేటప్పుడే దాన్ని చెప్పేస్తే తర్వాత గొడవ రాదు. టెలిగ్రామ్‌లో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అడ్మిన్ తీసేసిన వ్యక్తి తొలగించినవారి జాబితాలోకి వెళ్తాడు. మళ్లీ డబ్బు కట్టినా, ఆ జాబితాలోంచి పేరు తీసేదాకా ఆహ్వాన లింకు అతనికి పనిచేయదు. ‘డబ్బు తీసుకుని లోపలికి రానివ్వడం లేదు’ అన్న ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సింది ఈ జాబితానే. లింకును కూడా ఒక్కరికే పనిచేసేలా, లేదా అడ్మిన్ ఒప్పుకున్నాకే తెరుచుకునేలా పెట్టుకోవాలి. లేకపోతే ఒకరు కట్టిన రుసుముతో నలుగురు చేరతారు.

ఇక మొక్కల సంగతి. ఎవరో మిరప ఆకులు ముడుచుకున్నాయని రాస్తారు. అయిదు నిమిషాల్లో అయిదు మందుల పేర్లు వచ్చిపడతాయి. నిజానికి ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగును, కిందికి ముడుచుకుంటే నల్లిని అనుమానించాలి. రెండింటికీ మందు ఒకటి కాదు. ఆకు అడుగుభాగం ఫొటో చూడకుండా చెప్పే సలహా డబ్బునూ మొక్కనూ పాడుచేస్తుంది. అందుకే మంచి మోడరేటర్ ముందుగా ఆకు రెండువైపులా ఫొటోలు అడుగుతాడు. అవి వచ్చేదాకా మందుల పేర్లు రాయొద్దంటాడు. ఒక సభ్యుడు పట్టుబట్టి రసాయన మందుల మోతాదులు రాస్తూ పోతే ఆ సందేశాలు తీసేసి, ఎందుకు తీశాడో అతనికి విడిగా చెబుతాడు. వంటింటికి వెళ్లే ఆకుకూర మీద ఏం చల్లుతున్నామో చెప్పడంలో మొహమాటానికి చోటులేదు.

డబ్బు చుట్టూ మోసమూ తిరుగుతుంది. అడ్మిన్ ఫొటో, పేరు పెట్టుకున్న మరో ఖాతా నుంచి ‘ఈ నెల రుసుము ఈ నంబరుకు పంపండి’ అని సభ్యులకు సందేశాలు వస్తాయి. వంద మంది దాటిన గ్రూపుల్లో సభ్యుల జాబితాను దాచే వీలును టెలిగ్రామ్ ఇస్తోంది. దాన్ని వాడుకుంటే మోసగాడికి పేర్లు సులువుగా దొరకవు. గ్రూపులో మాట్లాడేవాళ్లు మాత్రం ఎలాగూ కనిపిస్తారు కాబట్టి, అడ్మిన్ విడిగా డబ్బు అడగడన్న సందేశం ఎప్పుడూ పైన పిన్ అయి ఉండాలి. సందేశాలు ఫార్వర్డ్ కాకుండా ఆపే సెట్టింగు కూడా ఉంది. కానీ తెరను ఇంకో ఫోన్‌తో ఫొటో తీసేవాణ్ని అది ఆపలేదు.

సభ్యుడు రాసిన ప్రతి మాటకూ అడ్మిన్ జైలుకెళ్తాడన్న భయం చాలామందిలో ఉంది. గ్రూపులో ఇంకొకరు పెట్టిన అభ్యంతరకర సందేశానికి అడ్మిన్‌ను బాధ్యుణ్ని చేయలేమని 2022లో కేరళ హైకోర్టు ఒక వాట్సాప్ గ్రూపు కేసులో తేల్చింది. అయితే షేర్ల సలహాలు అమ్మే గ్రూపు సంగతి వేరు. అక్కడ సలహా ఇచ్చేవాళ్లకు సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి, రుసుము ఎంత తక్కువైనా సరే. మిద్దె తోట గ్రూపుకు ఆ బెడద లేదు. ఏడాది రుసుము ఒకేసారి కట్టి రెండో నెలలోనే మానేసినవాళ్లకు ఎంత వెనక్కి ఇవ్వాలన్నది మాత్రం అడ్మిన్ మొదటి రోజే రాసి పెట్టుకోవాలి.