బ్యాక్‌గామన్‌లో క్యూబ్ వచ్చింది: తీసుకోవాలా, వదిలేయాలా?

ఈ రోజు నేను ఓడిపోయిన ఒక మ్యాచ్‌తో మొదలుపెడదాం. ఫోన్‌లో 5 పాయింట్ల మ్యాచ్, స్కోరు 3-3. ఇద్దరి కాయలూ ఒకదాన్ని ఒకటి దాటేశాయి. ఇక కొట్టుకోవడం లేదు, ఎవరు ముందు ఇంటికి చేరి కాయలు తీసేస్తారన్నదే మిగిలింది. అవతలివాడి పిప్ కౌంట్ 100, నాది 110. వాడి టర్న్. పాచికలు వేయకుండా క్యూబ్ తిప్పి 2 పెట్టాడు. నేను లెక్కేసుకుని మరీ తీసుకున్నా, మ్యాచ్ పోయింది. ఓడినందుకు బాధ లేదు గానీ, తీసుకోవడమే తప్పని తర్వాత అర్థమైంది.

ముందు, నేను వేసిన లెక్క ఏంటో చూద్దాం. మ్యాచ్ కాకుండా విడి గేమ్ అనుకోండి. అలాంటి పొజిషన్‌లో నాలుగుసార్లు వదిలేస్తే పోయేది 4 పాయింట్లు. నాలుగుసార్లూ తీసుకుని ఒక్కటి గెలిస్తే 2 వస్తాయి, మూడు ఓడితే 6 పోతాయి. మొత్తం మీద పోయేది మళ్లీ 4. అంటే నాలుగింట ఒకటి, 25 శాతం గెలుస్తానంటే రెండూ సమానమే. పైగా తీసుకున్నాక క్యూబ్ మన చేతిలో ఉంటుంది, ఆట తిరిగితే మనమే 4 చేయొచ్చు. అందుకని 25 కంటే కాస్త తక్కువున్నా తీసుకోవచ్చు.

ఈ శాతాన్ని బోర్డు మీద ఎలా కనిపెట్టాలి? దానికి 8-9-12 రూల్ ఉంది. పాచికలు వేయబోయేవాడు లీడ్‌లో ఉంటే, వాడి కౌంట్ మీదే శాతం లెక్కేయండి. 8 శాతం ముందుంటే మొదటి డబుల్ ఇవ్వొచ్చు. క్యూబ్ ఇప్పటికే వాడి దగ్గరుంటే దాన్ని వదులుకోవాలి కాబట్టి 9 దాకా ఆగాలి. వెనకున్నవాడు 12 శాతం దాకా తీసుకోవచ్చు. లీడర్‌ది 100 అయితే 112 దాకా టేక్, 113 అయితే డ్రాప్. నాది 110, అందుకే తీసుకున్నా.

ఇక స్కోరు సంగతి. 3-3 దగ్గర క్యూబ్ 2 అయితే ఆ గేమ్ గెలిచినవాడిదే మ్యాచ్. నేను తిరిగి 4 చేసినా ఉపయోగం లేదు, అంటే క్యూబ్ చేతిలో ఉండే లాభం పోయింది. మిగిలింది ఉత్త గెలుపు అవకాశమే, అది 110 దగ్గర సుమారు 25 శాతం. మరి వదిలేస్తే? 3-4 అవుతుంది. తర్వాతి గేమ్‌లో క్రాఫర్డ్ రూల్ వల్ల క్యూబ్ ఉండదు. అది గెలిచి 4-4 చేసి, ఆ తర్వాతదీ గెలవాలి. సగంలో సగం అంటే 25 శాతం. కానీ ఆ క్రాఫర్డ్ గేమ్‌లో గామన్ కొడితే 2 పాయింట్లు వచ్చి మ్యాచ్ అక్కడే అయిపోతుంది. అదీ కలిపితే 30 శాతం దాటుతుంది. అంటే వదిలేస్తేనే నాకు ఎక్కువ అవకాశం! అదే బోర్డు, అదే 100-110. విడి గేమ్‌లో టేక్, 3-3లో డ్రాప్.

అవతలివైపు నుంచి చూస్తే, ఆ స్కోరులో మీరు 8 శాతం కంటే ముందే డబుల్ ఇవ్వొచ్చు. క్యూబ్ ఎదుటివాడికిచ్చినా వాడు దాంతో చేసేదేం లేదు కదా.

ఇంకో జాగ్రత్త. ఈ శాతాలన్నీ కాంటాక్ట్ పూర్తిగా పోయాకే. మీరు 10 పిప్స్ ముందున్నా, మీ రెండు కాయలు ఇంకా వాడి ఇంట్లో, వరస గోడ వెనక ఇరుక్కుని ఉంటే ఆ లీడ్‌ని నమ్మకండి. అక్కడ చూడాల్సింది వేరు: వచ్చే రెండు త్రోల్లో ఆట ఒక్కసారిగా తిరిగే ఛాన్స్ ఎంత, గామన్ పడే భయం ఎంత. అలాంటి చోట కిట్ వూల్సే చెప్పిన మాట పనికొస్తుంది: ఎదుటివాడు తీసుకోవాలో వదిలేయాలో మీరు కచ్చితంగా తేల్చుకోలేకపోతే, డబుల్ ఇచ్చేయండి. నాకైతే కాంటాక్ట్ పొజిషన్లలో ఇప్పటికీ ఇదే దిక్కు.

రేసులో కూడా కౌంట్ ఒక్కోసారి మోసం చేస్తుంది. ఒకటో పాయింట్ మీద కాయలు గుట్టగా పడుంటే, వాటిని తీయడానికి 6 పడినా 1 పడినా ఒకటే, మిగతా పిప్స్ వృథా. అలా ఉన్నవాడి కౌంట్‌ని అసలు కంటే ఎక్కువ అనుకోండి. గేమ్ చివరికొచ్చి నాలుగైదు కాయలే మిగిలితే 8-9-12 పక్కన పెట్టి, ఎవరికి ఎన్ని త్రోలు కావాలో లెక్కపెట్టుకోవాలి.

వెళ్లేముందు ఒకటి. విడి గేమ్, కాయలు బాగా పరిచి ఉన్నాయి, వాడిది 80, మీది 90, క్యూబ్ ఇచ్చాడు. తేడా ఇందాకటి లాగే 10. కానీ 80లో 12 శాతం 9.6 మాత్రమే. 89 అయితే తీసుకునేవాళ్లం, 90కి వదిలేయాలి.