కొత్త కేసులు ఎన్ని? ఉన్న కేసులు ఎన్ని?

వెయ్యిమంది జనాభా ఉన్న ఊరు ఒకటి ఊహించుకుందాం. కింది వీధిలో మంచినీటి పైపు పగిలి మురుగు కలిసింది. సోమవారం ఇద్దరికి విరేచనాలు పట్టుకున్నాయి. మంగళవారం మరో 14 మందికి, బుధవారం 22 మందికి, గురువారం 9 మందికి, శుక్రవారం ముగ్గురికి మొదలయ్యాయి. ఆ తర్వాత కొత్తగా ఎవరికీ రాలేదు. మొదలైన రోజుతో కలిపి ప్రతి ఒక్కరూ మూడు రోజులు బాధపడి కోలుకున్నారు.

ఆ వారంలో కొత్తగా జబ్బుపడినవాళ్లు 50 మంది. అంటే వందకు ఐదుగురు. ఇది ఇన్సిడెన్స్. దీన్ని వీధులవారీగా విడదీస్తే అసలు సంగతి బయటపడుతుంది. కింది వీధిలో 400 మంది ఉంటే 44 మందికి, అంటే వందకు 11 మందికి వచ్చింది. మిగతా ఊళ్లో 600 మందికి ఆరుగురే, అంటే వందకు ఒక్కరే. ముందు ఎక్కడి పైపు తవ్వి చూడాలో ఈ లెక్కే చెబుతుంది.

ఇక ప్రివలెన్స్ అంటే ఫలానా రోజున జబ్బుతో ఉన్నవాళ్లెందరు అన్నది. గురువారం ఆశా కార్యకర్త ఇల్లిల్లూ తిరిగితే మంగళ, బుధ, గురువారాల్లో పడినవాళ్లు కలిపి 45 మంది కనిపిస్తారు. బుధవారం ఆ సంఖ్య 38 మాత్రమే. జబ్బు పెరుగుతోందని ఊరు హడలిపోతుంది. నిజానికి కొత్త కేసులు అప్పటికే 22 నుంచి 9కి పడిపోయాయి. పడకలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఎన్ని కావాలో తేల్చడానికి ప్రివలెన్స్ కావాలి. వ్యాప్తి తగ్గుతోందా అని తెలియాలంటే ఇన్సిడెన్స్ చూడాలి.

రోజువారీ కొత్త కేసులను నిలువు కడ్డీలుగా గీస్తే అదే ఎపిడెమిక్ కర్వ్. మన ఊరి బొమ్మ ఒక్కసారిగా లేచి, ఒకే శిఖరం చూపి, త్వరగా దిగిపోతుంది. అందరూ కొద్ది కాలంలోనే ఒకే చోటి నుంచి జబ్బు తెచ్చుకున్నారనడానికి అది గుర్తు. తట్టులా మనిషి నుంచి మనిషికి అంటేదైతే కొన్ని రోజుల ఎడంతో ఒకదాని వెనక ఒకటి అలలు లేస్తాయి.

కడ్డీని లక్షణాలు మొదలైన తేదీ మీదే నిలబెట్టాలి. ఆసుపత్రికి వచ్చిన తేదీ వేస్తే శిఖరం పక్కకు జరిగి, మురుగు కలిసిన రోజును తప్పుగా అంచనా వేస్తాం. చివరి ఒకటి రెండు కడ్డీలు పొట్టిగా కనిపించినా వెంటనే నమ్మకూడదు. ఆ రోజుల్లో పడినవాళ్లలో కొందరి వివరాలు ఇంకా చేరి ఉండకపోవచ్చు.

దిగుతున్న కర్వ్ చూసి మన చర్యే ఫలించిందని అనుకోవడమూ తొందరపాటే. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ కలరా సమయంలో జాన్ స్నో మాట మీద సెప్టెంబరు 8న బోరింగు పంపు పిడి తీసేశారు. కానీ అప్పటికే కేసులు బాగా తగ్గిపోయాయి. ఆ సంగతి స్నో స్వయంగా ఒప్పుకున్నాడు. అందుకే కర్వ్ గీసేటప్పుడు పైపు బాగుచేసిన తేదీని, క్లోరిన్ కలిపిన తేదీని కూడా దాని మీదే గుర్తు పెట్టండి.