కాథార్లు, వాల్డెన్సియన్లు: దండయాత్ర నుంచి విచారణ దాకా

12వ శతాబ్దంలో దక్షిణ ఫ్రాన్స్‌లోని లాంగ్‌డాక్ ప్రాంతంలో చర్చికి లోబడని క్రైస్తవులు కొందరు ఉండేవారు. కంటికి కనిపించే ఈ లోకాన్ని దుష్టశక్తి సృష్టించిందనీ, ఆత్మ ఒక్కటే దేవుడిదనీ వారి నమ్మకం. చరిత్ర పుస్తకాలు వారిని కాథార్లంటాయి. వారి గురువులను ఊళ్లవాళ్లు 'మంచివాళ్లు' అనేవారు. ఆ గురువులు మాంసం ముట్టరు, పెళ్లాడరు, ఒట్టు వేయరు.

లియోన్ నగర వ్యాపారి వాల్డెస్ దారి వేరు. 1173 ప్రాంతంలో అతడు ఆస్తి వదులుకుని, సువార్తలను వాడుక భాషలో రాయించి, వీధుల్లో బోధించసాగాడు. మొదట్లో అతడికీ చర్చికీ సిద్ధాంతంలో పెద్ద పేచీ లేదు. అనుమతి లేకుండా బోధించడమే తప్పయింది. 1184లో పోప్ మూడవ లూసియస్ ఈ రెండు వర్గాలనూ ఒకే ఆజ్ఞలో వెలివేశాడు.

1208లో లాంగ్‌డాక్‌లో పోప్ ప్రతినిధి హత్యకు గురయ్యాడు. దాంతో పోప్ మూడవ ఇన్నోసెంట్ క్రైస్తవుల మీదికే క్రూసేడ్ నడిపించాడు. 1209 జూలై 22న బెజియే పట్టణంలో సైన్యం కాథార్లనూ కాథలిక్కులనూ వేరు చూడకుండా నరికింది. 20 ఏళ్ల యుద్ధం 1229లో ముగిసేసరికి లాభపడింది ఫ్రెంచి రాజు. కాథార్ల మతం మాత్రం ఇళ్లలో బతికే ఉంది. నమ్మకం ఎవరి మనసులో ఉందో సైన్యానికి ఎలా తెలుస్తుంది?

ఆ పని విచారణాధికారులు చేశారు. 1233లో పోప్ తొమ్మిదవ గ్రెగరీ దాన్ని డొమినికన్ సన్యాసులకు అప్పగించాడు. 1245–46లో బెర్నార్ ద కో, అతడి సహచరుడు తులూజ్ పరిసరాల ఊళ్లకు ఊళ్లనే పిలిపించి 5,000 మందికి పైగా వాంగ్మూలాలు తీసుకున్నారు. 'ఏం నమ్ముతావు' అన్నదానికంటే 'మంచివాళ్లను ఎక్కడ చూశావు, అప్పుడు ఇంకెవరున్నారు, వారికి మొక్కావా' అన్న ప్రశ్నలే ఎక్కువ. పదేళ్ల నాటి సంగతినైనా గుమాస్తా రాసుకునేవాడు. ఒకరు చెప్పినదాన్ని పొరుగువారి మాటలతో సరిచూసేవారు. సాక్షుల పేర్లు నిందితుడికి చెప్పేవారు కాదు. ఎవరు ఏం చెప్పారో తెలియక, దాచడం కంటే ముందుగా ఒప్పుకోవడమే మేలనిపించేది. 1252లో చిత్రహింసకూ పోప్ అనుమతి దొరికింది.

శిక్షల్లో మంటలే ఎక్కువనుకోవడం పొరపాటు. చాలామందికి జైలు గాని, బట్టల మీద పసుపు రంగు శిలువలు కుట్టుకుని తిరగడం గాని పడేది. అయితే 1244లో మోంసెగూర్ కోట పడినప్పుడు మాత్రం 200 మందికి పైగా ఒక్కరోజే కాలి చనిపోయారు. ఆ వాంగ్మూలాలన్నీ అడిగినవారి మాటల్లో, లాటిన్‌లో మిగిలాయి. అందుకే కాథార్లకు నిజంగా ఎంత కట్టుదిట్టమైన సంఘం ఉండేదన్న దానిపై చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు.

లాంగ్‌డాక్‌లో చివరి గురువుగా పేరున్న గియోమ్ బెలిబాస్ట్‌ను 1321లో కాల్చారు. వాల్డెన్సియన్లు ఆల్ప్స్ లోయల్లో తలదాచుకుని, 1532లో ప్రొటెస్టంట్ ఉద్యమంలో కలిశారు. 2015లో పోప్ ఫ్రాన్సిస్ టురిన్‌లోని వారి చర్చికి వెళ్లి, కాథలిక్కుల తరఫున క్షమాపణ కోరాడు.