ముందు మాట, తర్వాతే ఫొటో

మా హెడ్ క్యాషియర్ గారి పదవీ విరమణ సభకు వీడియో స్క్రిప్టు రాసే పని నాకు అప్పగించారు. వచ్చిన ఫొటోలు 60. ఒక్కోటి 5 సెకన్లు చూపినా 5 నిమిషాలు. అంతసేపు సభ కుదురుగా చూడదు. అందుకే ముందు మాటలు రికార్డు చేశాను. "చాలా మంచివారు" అన్నవాళ్లను ఆపి, "ఒక్క రోజు సంగతి చెప్పండి" అన్నాను. 2016 నోట్ల రద్దు రోజుల్లో క్యూలోని ముసలమ్మకు తన కుర్చీ ఇప్పించి, తాను నిలబడే నోట్లు లెక్కపెట్టారని అటెండరు చెప్పాడు. ఆ 30 సెకన్ల మాటకు 6 ఫొటోలు సరిపోయాయి. మాట నడిచినంతసేపూ పాట ఆపేశాను. లేకపోతే వెనక వరుసకు ఏదీ వినబడదు. చివర ఖాళీ క్యాష్ కౌంటరు ఫొటో, దానిమీద అటెండరు గొంతు: "సార్, క్యాష్ టాలీ అయింది. ఇక ఇంటికి బయల్దేరండి."