కొటేషన్ ఆర్డరుగా మారేటప్పుడు

రాగి ధర రోజూ కదులుతుంది. అందుకే కరెంటు వైర్లు అమ్మే వ్యాపారి కొటేషన్ మీద గడువు తేదీ వేయాలి. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం, చెప్పిన గడువు దాటితే ఆ ప్రతిపాదన రద్దవుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. బిల్డరుకు వంద కాయిల్స్, ఒక్కోటి 2,000 రూపాయల చొప్పున, 12వ తేదీ వరకు అని Q-41 R0 ఇచ్చారు. బేరమాడి 120 కాయిల్స్ తీసుకుంటానంటే, 1,950 చొప్పున R1 ఇచ్చారు. పాత కాగితాన్ని దిద్దలేదు. R0 అలాగే ఉంది, పక్కన ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో రాశారు.

తర్వాత బిల్డరు వంద కాయిల్సే, కానీ 1,950కి ఆర్డరు పంపాడు. ఇది అంగీకారం కాదు, కొత్త ప్రతిపాదన. ఒప్పుకుంటే 5,000 రూపాయలు నష్టం. ఆర్డరును చేత్తో టైపు చేస్తే ఈ తేడా కంటపడదు. R1 నుంచే సరుకు, ధర, పన్ను, షరతులు ఆర్డరులోకి కాపీ అయితే, సంఖ్య కలవకపోవడం వెంటనే తెలుస్తుంది. అలా కాపీ అయిన ధరకు తాళం పడాలి. రేపు ధరల పట్టిక మారినా ఈ ఆర్డరు మారకూడదు.

గడువు దాటాక కస్టమరు వస్తే పాత తేదీ మాత్రం దిద్దకండి, ఆనాటి ధరతో R2 ఇవ్వండి.