సంక్రాంతికి బెల్లం ఎంత తెప్పించాలి?

ఊళ్లో ఓ మాదిరి కిరాణా కొట్టు ఉందనుకుందాం. 2024 జనవరి నుంచి 2025 డిసెంబరు దాకా ఏ నెలలో ఎన్ని కిలోల బెల్లం అమ్ముడైందో చిట్టాలో రాసి ఉంది. వచ్చే మూడు నెలలకు ఎంత తెప్పించాలన్నది ప్రశ్న. తక్కువైతే అరిసెల పాకం పట్టే రోజుల్లో బేరాలు పక్క కొట్టుకు పోతాయి. ఎక్కువైతే మిగిలిన దిమ్మలు చెమ్మగిల్లి, ధర తగ్గించి అమ్ముకోవాల్సి వస్తుంది.

చాలామంది చివరి మూడు నెలల సగటు చూస్తారు. అక్టోబరులో 230, నవంబరులో 190, డిసెంబరులో 264 కిలోలు అమ్మారు. సగటు 228. కానీ కిందటి జనవరిలో ఇదే కొట్టు 352 కిలోలు అమ్మింది. మూడు నెలల సగటుకు రాబోయే పండగ సంగతి తెలియదు.

అందుకే సగటు పన్నెండు నెలలకు కట్టాలి. వరసగా ఏ పన్నెండు నెలలు తీసుకున్నా అందులో ఒక సంక్రాంతి, ఒక వేసవి, ఒక శ్రావణం ఉంటాయి కాబట్టి పండగల ఎగుడుదిగుళ్లు సర్దుకుపోయి, వ్యాపారం అసలు ఏ మట్టంలో ఉందో తేలుతుంది. ఒక్కో నెల జరుపుకుంటూ ఈ సగటు కడుతూ పోవడాన్నే చలన సగటు అంటారు. మన కొట్టుకు 2024 సగటు నెలకు 200 కిలోలు, 2025 సగటు 219.

ఇప్పుడు 2025 జనవరిని చూద్దాం. 2024 జులై నుంచి 2025 జూన్ దాకా సగటు 210. ఒక నెల జరిపి ఆగస్టు నుంచి జులై దాకా కడితే 212. మొదటి సగటు మధ్య బిందువు డిసెంబరు, జనవరిల నడుమ పడుతుంది, రెండోది జనవరి, ఫిబ్రవరిల నడుమ. రెండింటినీ కలిపి సగం చేస్తే సరిగ్గా జనవరి మీద నిలుస్తుంది: 211. అమ్మింది 352 కాబట్టి, 352ను 211తో భాగిస్తే 1.67. ఇదే జనవరి రుతు సూచిక. అంటే మామూలు నెలకు వంద కిలోలు పోయే చోట జనవరిలో 167 పోతాయి. ఇదే పద్ధతిలో ఫిబ్రవరికి 0.77, మార్చికి 1.09 వస్తాయి. పన్నెండు సూచికల మొత్తం 12 రావాలి. ఇక్కడ 11.97 వచ్చింది, ఆ కాస్త తేడాను వదిలేయవచ్చు.

ఇక చాలామంది తడబడే చోటు ఒకటుంది. 219ని 1.67తో గుణించి జనవరి లెక్క తేల్చేస్తారు. 219 అనేది 2025 మొత్తానికి సగటు, అంటే అది ఏడాది నడిమి నాటి మట్టం. జనవరి నాటికి వ్యాపారం ఇంకొంత పెరిగి ఉంటుంది. 2024 జులైలో 201 ఉన్న చలన సగటు 2025 జూన్‌కు 218 అయింది. నెలకు సుమారు కిలోన్నర పెరుగుదల. దాన్ని ముందుకు పొడిగిస్తే 2026 జనవరికి 228.5, ఫిబ్రవరికి 230, మార్చికి 231.5. వీటిని సూచికలతో గుణిస్తే 382, 177, 252 కిలోలు, మొత్తం 811. మూడు నెలల సగటు కూడా మట్టాన్ని 228గానే చూపింది. జనవరిలో వచ్చిన 154 కిలోల తేడా సూచిక వల్ల వచ్చిందే.

ఇంతటితో ఆగితే ప్రమాదం. రెండేళ్ల చిట్టా ఉంది కదా, ప్రతి నెలకూ రెండు సాక్ష్యాలు ఉన్నట్టే అనిపిస్తుంది. నిజానికి పన్నెండు నెలల సగటు కట్టాలంటే ముందూ వెనకా ఆరేసి నెలలు కావాలి. 24 నెలల్లో అలా దొరికేవి 2024 జులై నుంచి 2025 జూన్ దాకా పన్నెండే. ప్రతి సూచిక వెనకా ఉన్నది ఒకే ఒక్క నెల. 2025 జనవరి 12నే సరుకు అయిపోయి ఉంటే, 352 అనేది అమ్మకమే తప్ప గిరాకీ కాదు. 1.67 కూడా తక్కువ లెక్కే అవుతుంది.

మార్చిది మరో చిక్కు. సంక్రాంతి ఏటా జనవరి మధ్యలోనే వస్తుంది గానీ ఉగాది కదులుతుంది. 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. అందుకే 2024 మార్చిలో 160 కిలోలే పోతే 2025 మార్చిలో 235 పోయాయి. 2026లో పానకం పండగ శ్రీరామనవమి కూడా మార్చి చివరి వారానికే వచ్చేసింది. 2025లో అది ఏప్రిల్ 6న వచ్చింది కాబట్టి మన మార్చి సూచికలో నవమి లేదు. ఎంత కలపాలి? 2025లో ఏప్రిల్ అమ్మకం 195, పండగ లేని మే అమ్మకం 185. కాబట్టి పది కిలోలకు మించి కలపడానికి ఆధారం లేదు. మార్చికి 262 అనుకుని, ఆ పదినీ ఏప్రిల్ నుంచి తీసేయడం న్యాయం.

తర్వాత ప్రతి నెలా అంచనా పక్కనే అసలు అమ్మకం రాయండి. వరసగా మూడు నెలలూ ఒకవైపే తప్పితే పెరుగుదల లెక్క సరిచూడాలి. ఒక్క నెలే తప్పితే ఆ నెల సూచికను అనుమానించాలి. సరుకు ఏ తేదీన నిండుకుందో, ఆ నెలలో ఏ పండగ పడిందో చిట్టా అంచున ఈ జనవరి నుంచే రాయడం మొదలుపెట్టండి. మూడో ఏడు లెక్కకు అవే కావాలి.